రెక్కలోని గాలిని కొలిచిన డైరీ

ఆగస్టు 10

విద్యానగర్‌లో పెద్దమ్మ ఇల్లు మారుతోంది. సామాన్లు సర్దడానికి వెళ్తే అటక మీంచి ఒక ట్రే దిగింది. మా పెద్దనాన్న సరుకుల ఓడల మీద పనిచేసే రోజుల్లో బ్రెజిల్ నుంచి తెచ్చినది. చెక్క చట్రం, గాజు, గాజు కింద కొండా సముద్రమూ ఉన్న బొమ్మ. ఆ బొమ్మలో ఆకాశం మొత్తం మార్ఫో సీతాకోకచిలుక రెక్కల ముక్కలు. ఒకప్పుడు అక్కడ ఓడరేవుల్లో ఇలాంటివి తెగ అమ్మేవారట. గాజు ఒక మూల పగిలిపోయింది, అక్కడి రెక్క ముక్కలు ఊడి వస్తున్నాయి.

"దాని నీలం చూశావా, తెచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మీ పెద్దనాన్న ఫోటో మాత్రం తెల్లబోయింది" అంది పెద్దమ్మ.

నా ప్రాజెక్టు ఆ మాటతో మొదలైంది. ఫోటోలో ఉన్నది రంగు పదార్థం. దాని అణువులు వెలుతురుకు విరిగిపోతాయి, రంగు వెలిసిపోతుంది. రెక్కలోని నీలానికి విరగడానికి అణువంటూ ఏదీ లేదు. పురుగుల పెంకులో ఉండే కైటిన్ అనే పదార్థపు పొరలు, వాటి మధ్య గాలి, అంతే. ఊడిన ముక్కలు ఐదు అడిగి తెచ్చుకున్నాను. "బాగుచేసి ఇస్తానంటేనే పట్టుకెళ్ళు" అని షరతు పెట్టింది.

ముక్కను ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టి వెనక నుంచి చూస్తే నీలం లేదు, మట్టి రంగు. నీలపు రంగు గాజును అలా పట్టుకుంటే నీలంగానే కనిపించేది.

ఆగస్టు 16

ఏం కొలవాలో తేల్చుకున్నాను. రెక్క మీది ఒక్కో పొలుసు మీద సన్నటి గట్లు ఉంటాయి. గట్టును అడ్డంగా కోస్తే క్రిస్మస్ చెట్టులా ఉంటుంది: నడుమ కాండం, రెండు పక్కలా ఒకదాని మీద ఒకటి కైటిన్ అరలు, అరల మధ్య గాలి. 1942లో ఆండర్సన్, రిచర్డ్స్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో మార్ఫో పొలుసుల నిర్మాణాన్ని చూపించారు. ఆ మైక్రోస్కోపు నా దగ్గర ఎలాగూ లేదు. అది లేకుండా అరల మధ్య గాలి ఎంత మందమో చెప్పవచ్చా అన్నదే నా ప్రశ్న.

దారి ఇది. పై అర నుంచి కొంత వెలుగు వెనక్కి వస్తుంది, కింది అర నుంచి కొంత వస్తుంది. కిందినుంచి వచ్చేది ఒక కైటిన్ పొరనూ ఒక గాలి పొరనూ వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటాలి. ఆ అదనపు దూరం సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యానికి సమానమైతే రెండు అలలూ శిఖరం మీద శిఖరంగా కలుస్తాయి, ఆ రంగు మెరుస్తుంది. మిగతా రంగుల అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నిటారుగా పడే వెలుగుకు సూత్రం:

`λ = 2(n₁d₁ + n₂d₂)`

ఇందులో λ మెరిసే రంగు తరంగదైర్ఘ్యం, d పొర మందం, n వక్రీభవన గుణకం, అంటే ఆ పదార్థంలో వెలుగు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె. ఒకటో పొర కైటిన్, రెండోది గాలి. కైటిన్ వక్రీభవన గుణకం 1.56, గాలిది 1. తెలియనివి రెండు మందాలు. ఒక్క సమీకరణంతో రెండు తెలియనివి తేలవు. కానీ గాలి స్థానంలో గుణకం తెలిసిన ద్రవాన్ని నింపితే మెరిసే రంగు మారుతుంది, అలా రెండో సమీకరణం దొరుకుతుంది. పొడిగా ఒక కొలత, తడిపి ఒక కొలత, అంతే.

కొలిచేందుకు వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని కావాలి. చెప్పుల డబ్బా, రెండు బ్లేడ్ల మధ్య వెంట్రుకంత చీలిక, రెండో చివర పాత డీవీడీ ముక్క, దాని ముందు ఫోన్ కెమెరా. డీవీడీ గాళ్ళ మధ్య దూరం 740 నానోమీటర్లు, సీడీకైతే 1600. గాళ్ళు దగ్గరైతే రంగులు ఎక్కువగా విడిపోతాయి కాబట్టి డీవీడీయే తీసుకున్నాను. వెండి పొరను టేపుతో పీకేసి, వెలుగు లోపల నుంచి దాటేలా చేశాను.

ఆగస్టు 17

స్కేలు గుర్తులు పెట్టడానికి సీఎఫ్ఎల్ బల్బు కావాలి. ఎల్ఈడీలు వచ్చాక అది దొరకడమే కష్టమైపోయింది. కోఠిలో నాలుగు షాపులు తిరిగితే ఒకాయన పాత స్టాకులోంచి దుమ్ము దులిపి ఇచ్చాడు. "ఇప్పుడిది ఎవరు వాడతారు సార్?" అన్నాడు. ఇందులోని పాదరసం 436 నానోమీటర్ల దగ్గర నీలం గీత, 546 దగ్గర ఆకుపచ్చ గీత ఇస్తుంది, ఎప్పుడూ ఆ చోటు మారదు. ఫోటోలో అవి 412వ పిక్సెల్ దగ్గర, 731వ పిక్సెల్ దగ్గర పడ్డాయి. అంటే పిక్సెల్‌కు 0.345 నానోమీటర్లు. సరిచూసుకోవడానికి అదే బల్బులోని 611 ఎరుపు గీతను చూస్తే నా స్కేలు 609 అంది. రెండు నానోమీటర్ల తేడాతో నాకు పేచీ లేదు. అసలు బ్లేడ్ల చీలికే అంతకంటే ఎక్కువ మసక తెస్తోంది.

ఆగస్టు 24

వారమంతా వృథా. టేబుల్ లైటు తెల్ల ఎల్ఈడీ. రెక్క మీద వేసి ఫోటో తీస్తే 450 దగ్గర పదునైన శిఖరం వచ్చింది. సంబరపడి మా మేనకోడలు శ్రావ్యకు చూపించాను. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. రెక్క తీసేసి అదే చోట తెల్ల కాగితం పెట్టి ఫోటో తీసింది. 450 దగ్గర అదే శిఖరం.

"మామయ్యా, నువ్వు కొలిచింది లైటును" అంది.

నిజమే. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం ఎల్ఈడీ. దాని మీద పసుపు పొడి పూత. 450 దగ్గర ఎత్తైన కొండ, 480 చుట్టూ పల్లం దాని సహజ రూపం. మార్ఫో నీలం కూడా ఆ ఇరుగుపొరుగులోనే ఉంటుంది కాబట్టి పోల్చుకోలేకపోయాను.

రెండు మార్పులు చేశాను. వర్ణపటంలో గుట్టలూ గోతులూ లేని 12 వోల్టుల హాలోజన్ బల్బు పెట్టాను. ప్రతి ఫోటోనూ తెల్లటి ఆధారంతో భాగిస్తున్నాను. ఆధారంగా కాగితం పనికిరాదు. దాంట్లో తెల్లదనం పెంచడానికి కలిపే పదార్థం కంటికి కనబడని వెలుగును మింగి నీలంగా కక్కుతుంది. నల్లా బిగించే తెల్లటి టెఫ్లాన్ టేపును పది పొరలు పరిచాను. అన్ని రంగులనూ దాదాపు సమానంగా వెనక్కి పంపుతుంది. పది రూపాయల్లో పనైపోయింది.

ఫోన్‌ను ప్రో మోడ్‌లో పెట్టి ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ బిగించాలి. లేకపోతే రెక్క నీలంగా ఉందని ఫోన్ దానంతటదే ఎరుపు పెంచేస్తుంది.

ఈసారి పొడి రెక్క శిఖరం 466 దగ్గర నిలిచింది. డబ్బా కదిపి మళ్ళీ పెట్టి ఆరుసార్లు తీశాను. 462 నుంచి 470 మధ్యే వచ్చింది.

ఆగస్టు 30

తడపడం మొదలు. ముందు నీళ్ళు. చుక్క రెక్క మీద తామరాకు మీద నీటిబొట్టులా దొర్లి కింద పడింది. రంగు ఇసుమంత కూడా మారలేదు. గట్ల మధ్య గాలిని నీరు తోసెయ్యలేదు. కాబట్టి ఈ పనికి నీరు పనికిరాదు.

ఆల్కహాల్ అయితే దిగుతుంది. ఇంట్లో శానిటైజర్ ఉంది కదా అని ఒక చుక్క వేశాను. క్షణంలో నీలం ఆకుపచ్చయింది. ఇద్దరం ఒకేసారి అరిచాం. రెండు నిమిషాలకు ఆరింది, కానీ నీలం పూర్తిగా తిరిగి రాలేదు. మధ్యలో పాచి పట్టినట్టు ఆకుపచ్చ మచ్చ మిగిలింది. చేతులు పొడిబారకుండా శానిటైజర్లో గ్లిజరిన్ కలుపుతారు. ఆల్కహాల్ ఎగిరిపోయినా అది అరల మధ్యే ఉండిపోయింది. ఐదింట్లో ఒక ముక్క పోయింది. మచ్చ మాత్రం మంచి సాక్ష్యం: రంగు మారడానికి పదార్థమేదీ కరగనక్కర్లేదు, గాలి ఉండాల్సిన చోట ఇంకేదో ఉంటే చాలు.

సెప్టెంబరు 6

ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో ఫోన్లు రిపేరు చేసేవాళ్ళు బోర్డులు కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చాను. సీసా మీద 99 శాతమని ఉంది. వక్రీభవన గుణకం 1.377. ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి, హాలోజన్ బల్బును దూరంగా జరిపి పని మొదలుపెట్టాం. బల్బు వేడిగా ఉంటుంది, ఆల్కహాల్ ఆవిరి అంటుకునే సరుకు. దగ్గర పెట్టుకుని చేయొద్దు.

చుక్క పడగానే ఆకుపచ్చ పాకింది. అంచుల నుంచి ఆరుతూ లోపలికి నీలం వెనక్కొచ్చింది. ఎన్నిసార్లు వేసినా అంతే, ఈసారి మచ్చ లేదు.

కొలవడంలో చిక్కు సమయం దగ్గర వచ్చింది. మూడేసి సెకన్లకు ఒక ఫోటో తీస్తూ పోతే మొదటి ఫోటోల్లో ద్రవం పైపొర తళతళలాడి తెల్లటి వెలుగు కలుస్తోంది. చివరి ఫోటోల్లో సగం ఆరిన చోటు నీలం, ఆరని చోటు ఆకుపచ్చ, రెండు గుట్టలు. మొదటిదానికి రెక్కను కొద్దిగా వాల్చి తళుకును పక్కకు పంపాను. రెండోదానికి మందు లేదు. మధ్యలో ఒకే గుట్ట ఉన్న నాలుగైదు ఫోటోలే ఉంచుకుని మిగతావి తీసేశాను. రెండు గుట్టలున్న ఫోటోలను సగటులో కలిపితే శిఖరం ఎక్కడో 510 దగ్గర తేలుతుంది. అక్కడ నిజానికి ఏమీ లేదు.

మిగిలినవాటిలో శిఖరం 553.

సెప్టెంబరు 7

లెక్క. తడి సమీకరణం నుంచి పొడి సమీకరణాన్ని తీసేస్తే కైటిన్ పదం కొట్టుకుపోతుంది. మిగిలేది గాలి మందం ఒక్కటే. నాకు ఈ పద్ధతి నచ్చింది అందుకే. కైటిన్ గుణకం 1.56 అని నేను పుస్తకంలోంచి తీసుకున్నాను. అందులో తప్పున్నా గాలి మందానికి అంటదు.

```python
dry, wet = 466, 553
air = (wet - dry) / (2 * (1.377 - 1))
chitin = (dry / 2 - air) / 1.56
print(round(air), round(chitin))
```

జవాబు `115 75`. గాలి 115 నానోమీటర్లు, కైటిన్ 75. ఒక అర నుంచి మరో అరకు 190. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో మార్ఫోలను చూసినవాళ్ళు ఈ దూరం సుమారు 200 అని చెబుతారు. చెప్పుల డబ్బాకు ఇది చాలా ఎక్కువ.

గర్వం కాసేపు పక్కన పెట్టి తప్పులు లెక్కేశాం. శిఖరం చదవడంలో ఒక్కోదానికి ఐదు నానోమీటర్ల అటూ ఇటూ అనుకుంటే, వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే రెంటి తేడాలో ఏడు. దాన్ని 0.754తో భాగిస్తే గాలి మందంలో తొమ్మిది. అంటే 115 అన్నది 106 కావచ్చు, 124 కావచ్చు. భాగించే అంకె ఒకటి కన్నా చిన్నది కాబట్టి తప్పు తగ్గకపోగా పెరుగుతోంది.

దీనికంటే మౌలికమైన తప్పు ఒకటుంది. నా సూత్రం అరలను నిరంతరంగా పరిచిన పలకలనుకుంటోంది. నిజానికి ప్రతి గట్టుకూ నడుమ కాండం ఉంది. 'గాలి పొర' అని నేననే ఎత్తులో కొంత భాగం కైటినే, దాంట్లోకి ఆల్కహాల్ దూరదు. అందువల్ల రంగు జరగాల్సినంత జరగదు, గాలి అసలు కంటే తక్కువగా, కైటిన్ అసలు కంటే ఎక్కువగా తేలుతాయి. 75 అన్న అంకెను నేను పెద్దగా నమ్మడం లేదు.

సెప్టెంబరు 13

శ్రావ్య ఒక పరీక్ష అడిగింది. "రెండు కొలతలతో రెండు అంకెలు తేలితే అవి ఎప్పుడూ సరిపోతాయి మామయ్యా. మూడో ద్రవంతో ముందే చెప్పి చూడు." లెక్కల పిల్ల.

అసిటోన్ తీసుకుందామనుకున్నాను. దాని గుణకం 1.359, అంటే శిఖరం 549 దగ్గర రావాలి. ఆల్కహాల్‌తో తేడా నాలుగు, నా తప్పు ఐదు. అది పరీక్షే కాదు. పెయింటు షాపులో అమ్మే మినరల్ టర్పెంటైన్ మెరుగు, గుణకం ఇంచుమించు 1.44. లెక్క ప్రకారం 568. ఆ అంకెను కాగితం మీద రాసి మడిచి శ్రావ్య చేతికిచ్చి, తరువాతే చుక్క వేశాను.

పసుపు కలిసిన పేలవమైన ఆకుపచ్చ. వర్ణపటంలో శిఖరం అనదగ్గది లేదు, 560 నుంచి 575 వరకు చదునైన గుట్ట. లెక్క తప్పలేదు, కానీ ఒక్క అంకె చెప్పమంటే చెప్పలేను. పేలవమవడానికి కారణం సూటిగానే ఉంది. ప్రతి అర నుంచి వెనక్కి వచ్చే వెలుగు రెండు పదార్థాల గుణకాల తేడా మీద ఆధారపడుతుంది. గాలితో తేడా 0.56. ఆల్కహాల్‌తో 0.18. టర్పెంటైన్‌తో 0.12. గుణకం సరిగ్గా 1.56 ఉన్న ద్రవం పోస్తే వెలుగుకు అరలున్నట్టే తెలియదు, రంగు ఉండదు. అలాంటి ద్రవాలు చాలావరకు ఘాటైనవి, విషపూరితమైనవి. ఇంట్లో వద్దనుకున్నాం.

టర్పెంటైన్ ఆరడానికి సాయంత్రమైంది, వాసన పోవడానికి మర్నాడు.

సెప్టెంబరు 20

నెమలి ఈక. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో నెమళ్ళు తిరుగుతుంటాయి. వానాకాలం చివర పింఛం రాలుస్తాయి. అక్కడుండే స్నేహితుడు రాలిన ఈకలు రెండు ఇచ్చాడు.

ముందు ఈకను కిటికీ దగ్గర తిప్పి చూశాం. కన్ను చుట్టూ ఉన్న ఆకుపచ్చ, వాల్చినకొద్దీ నీలం వైపు జరిగింది. న్యూటన్ 1704లో తన కాంతి గ్రంథంలో నెమలి ఈకల గురించి రాసింది ఇదే: కంటి స్థానం మారితే ఒకే చోట రంగు మారుతోంది, పల్చని పొరల్లో మారినట్టే అని. మార్ఫో నీలం మాత్రం ఎటు వాల్చినా దాదాపు నీలమే. దాని గట్లు చాలా సన్నం, ఎత్తులు కూడా ఒక్కలా ఉండవు. వెలుగు నలువైపులా చెదురుతుంది.

ఆపైన ఆల్కహాల్ చుక్క. ఆకుపచ్చ పసుపవుతుందని, ఎరుపవుతుందని పందెం కాశాం. ఇద్దరమూ ఓడిపోయాం. కొద్దిగా మసకబారింది, అంతే. శిఖరం చోటు మార్చలేదు. పది నిమిషాలు తడిపి ఉంచినా లేదు.

ఆలోచిస్తే అర్థమైంది. మార్ఫో అరలు పక్కల నుంచి తెరిచి ఉంటాయి, ద్రవం తిన్నగా లోపలికి వెళ్తుంది. నెమలి ఈక పీచుల నిర్మాణం వేరు. పైన మన గోళ్ళలో ఉండే కెరటిన్‌తో తొడుగు, దాని లోపల నల్లటి మెలనిన్ కడ్డీలు వరసలుగా పేర్చి ఉంటాయి, కడ్డీల మధ్య గాలి సందులు. 2003లో చైనా పరిశోధకులు ఈ వరసలను కొలిచారు: నీలం పీచులో కడ్డీకీ కడ్డీకీ దూరం 140 నానోమీటర్లు, ఆకుపచ్చలో 150, పసుపులో 165. ఒకే మెలనిన్, ఒకే కెరటిన్, పది పదిహేను నానోమీటర్ల తేడాతో కన్నంతా గీసేసింది. గాలి ఉంది, కానీ తలుపు లేదు. నా పద్ధతి గాలి మందాన్ని కొలవదు, ద్రవం చేరగలిగిన గాలిని మాత్రమే కొలుస్తుంది.

మసకబారడం పీచుల వల్ల. తడిసి ఒకదానికొకటి అంటుకుని వేరే కోణానికి వాలిపోయాయి. భూతద్దంలో చూస్తే స్పష్టంగా తెలుస్తోంది. 1665లో రాబర్ట్ హుక్ తడిపితే నెమలి ఈక రంగులు పోతాయని రాశాడు. ఆయన చూసినదాంట్లో ఈ అంటుకుపోవడానికీ వాటా ఉండి ఉంటుందని నా అనుమానం.

సెప్టెంబరు 28

దసరా దగ్గరపడుతోంది. శ్రావ్య పాలపిట్ట సంగతి అడిగింది, దాన్నీ ఇలా కొలవొచ్చా అని. ఈక దొరికినా కుదరదు. 1934లో సి.వి. రామన్ పక్షుల ఈకల రంగుల మీద రాసిన వ్యాసంలో చూసింది ఈ పిట్టనే. దాని నీలం కూడా రంగు పదార్థం కాదు. అయితే అక్కడ వరసలు లేవు, కెరటిన్ లోపల స్పాంజిలా చిక్కుపడ్డ గాలి గదులున్నాయి. అందుకే నెమలి పింఛంలా తిప్పినకొద్దీ మారదు. పొరల సూత్రంలో పెట్టడానికి d అనేదే అక్కడ లేదు.

ట్రే గాజు మార్పించాను. నాలుగు ముక్కలు తిరిగి అతికించాను, టర్పెంటైన్ తాగినదీ నీలంగానే ఉంది. శానిటైజర్ మచ్చ ముక్కను కొండ వెనక్కి సర్దాను. పెద్దమ్మ చాలాసేపు చూసి, "ఇక్కడ ఆకాశం పచ్చబడిందేంట్రా?" అంది.

రెండో నెమలి ఈకలోంచి ఆకుపచ్చ పీచులు కొన్నింటిని కత్తిరించాను. కోసిన చివర తొడుగు ఉండదు, అక్కడి నుంచి ఆల్కహాల్ సందుల్లోకి పాకుతుందేమో చూడాలి. ఈ రాత్రికే ఆల్కహాల్ పోసిన చిన్న సీసాలో వేసి, మూత బిగించి, సమయం రాసిపెట్టాను: 9.40.